మామయ్యకు రాసే ఉత్తరంలో అమ్మ మాటలెందుకు?

గత నెలలో ఇక్కడే బెంగళూరులో, మా దూరపు బంధువుల ఇంట తొమ్మిదేళ్ళ అబ్బాయికి పంచెల ఫంక్షన్ జరిగింది. ఆ అబ్బాయికి దేశాల జెండాలంటే ఇష్టమని తెలిసి, మారతహళ్ళిలో రెండు మూడు దుకాణాలు తిరిగి, లోపల బల్బు వెలిగే గ్లోబు ఒకటి కొని తీసుకువెళ్ళాము. వారం తరువాత ఆ అబ్బాయి పేరుతో వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. "మా ఇంట జరిగిన శుభకార్యమునకు విచ్చేసి, నన్ను ఆశీర్వదించి, అమూల్యమైన కానుకలు అందజేసిన బంధుమిత్రులందరికీ నా హృదయపూర్వక ధన్యవాదములు" అని అందులో ఉంది. కింద పంచె కట్టుకుని నవ్వుతున్న ఫొటో ఉంది. అదే సందేశం అదే ఫొటోతో మా ఆడపడుచుకూ, మా పక్క ఫ్లాటువారికీ వచ్చింది.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఫంక్షన్ చేసిన ఇంట్లో తరువాతి వారమంతా ఎలా గడుస్తుందో నాకు తెలుసు. అయితే తొమ్మిదేళ్ళ పిల్లవాడు "విచ్చేసి" అనడు. నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే: గ్లోబులో బల్బు వెలిగిందా లేదా? వాడు దానిమీద మొదట ఏ దేశం వెతికాడు? ఆ సంగతి ఆ అబ్బాయి ఒక్కడే చెప్పగలడు, ఆ సందేశంలో ఉన్నవన్నీ పెద్దల మాటలు. నిరుడు మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ తరువాత మేమూ ఇదే పని పెట్టుకుని, కొన్ని తప్పులు చేసి, కొన్ని దిద్దుకున్నాము. కానుకలు ఇచ్చినవారికి పిల్లల చేత రాయించేటప్పుడు తల్లిదండ్రులు అందించవలసినది వివరాలే తప్ప వాక్యాలు కావు అనే అభిప్రాయానికి నేను ఆ ఎనిమిది పది రోజుల్లోనే వచ్చాను.

పెట్టెల దగ్గర మొదలైన తప్పు

మా వాళ్ళందరూ ఒంగోలు, కందుకూరు వైపువారు. సగం మంది రాత్రి బస్సుల్లో వచ్చి ఉదయానికి హాలుకు చేరుకున్నారు. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని మా మరిది చదివింపుల పుస్తకం రాశారు. పేరు, ఊరు, మొత్తం, ఒకవేళ వస్తువైతే "గిఫ్టు" అని ఒక్క మాట. స్టేజీ మీద జరిగేది వేరు. వచ్చినవారు అక్షింతలు వేసి, పెట్టె అమ్మాయి చేతికిస్తారు, ఫొటోగ్రాఫరు అందరినీ తనవైపు తిరగమంటాడు, ఫొటో అయిన మరుక్షణం ఆ పెట్టెను పక్కనున్న పిన్ని కూతురు అందుకుని కుర్చీ వెనక పెడుతుంది. రెండున్నర గంటలు ఇలాగే సాగింది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక పిల్లలందరూ చుట్టూ చేరి, నేను వంటింట్లో ఉండగా, పెట్టెలన్నిటినీ ఒకేసారి చింపి తెరిచారు. పేర్లు రాసిన చీటీలు ఆ కాగితాలతోపాటే చెత్తబుట్టలోకి పోయాయి.

మర్నాడు కూర్చుని లెక్క చూస్తే పుస్తకంలో 94 వరుసలున్నాయి, అందులో వస్తువులు ఇచ్చినవారు 31 మంది. మా ముందు వస్తువులున్నాయి, పుస్తకంలో పేర్లున్నాయి, ఏది ఎవరిదో తెలియదు. అప్పుడు మాకు పనికి వచ్చినవి ఫోన్లలోని ఫొటోలు. ఫొటోగ్రాఫరు ఆల్బమ్ రావడానికి నెల పడుతుంది కాబట్టి, బంధువుల ఫోన్లలోంచి స్టేజీ ఫొటోలు తెప్పించుకుని, తీసిన సమయాన్ని బట్టి వరుసగా పేర్చాము. అసలు ఫైలుగా పంపినవాటిలోనే తీసిన సమయం కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, అందువల్ల డాక్యుమెంటుగా పంపమని అడగవలసి వచ్చింది. ఫొటోలో చేతిలో ఉన్న పెట్టె సైజు, చుట్టిన కాగితం రంగు చూసి, ఇంట్లో మిగిలిన చిరుగు ముక్కలతో పోల్చుకుని, ఒక్కొక్క వస్తువుకు ఒక నంబరు, దాని పక్కన పేరు రాసుకుంటూ వెళ్ళాము.

అయినా ఒకచోట పొరబడ్డాము. వెండి కుంకుమ భరిణెలు రెండు వచ్చాయి, ఒకటి మూత మీద నెమలి ఉన్నది, ఒకటి సాదాది. రెండు పెట్టెలూ ఒకే సైజు, రెండింటికీ ఎర్ర కాగితమే. నెమలి భరిణె ఒంగోలు పెద్దమ్మ ఇచ్చిందని అనుకుని మా అమ్మాయి ఆమెకు "నెమలి కన్ను దగ్గర చిన్న నీలం రాయి ఉంది, నేను రాత్రి లైటు ఆర్పేముందు చూశాను" అని ఎంతో ఇష్టంగా రాసింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "నేను ఇచ్చింది నెమలిది కాదమ్మా, మామూలుదే" అంది. గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. తనది తక్కువదన్న మాటను ఆమె నోటితో మేమే చెప్పించినట్లయింది. తరువాత భరిణెల అడుగున ఉన్న స్పాంజి ముక్కను ఎత్తి చూస్తే దుకాణం ముద్ర కనిపించింది, ఒకటి ఒంగోలుది, ఒకటి బెంగళూరుది. ఆ పని ముందే చేసి ఉంటే సరిపోయేది.

ఆ తరువాత ఈ మధ్య మా తమ్ముడి కొడుకు ఫంక్షన్‌లో నేను చేసింది చాలా చిన్న పని. గుమ్మం దగ్గర పుస్తకం రాసేవారికి ఒక మందపాటి స్కెచ్ పెన్ను ఇచ్చాను. పుస్తకంలో వరుస సంఖ్య ఏదో అదే సంఖ్య పెట్టె అడుగున వేయమన్నాను. పెట్టెలు మర్నాడు, పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటిగా తెరిచాము. కృతజ్ఞత చెప్పడంలో సగం పని అక్కడే ఉంది. ఏది ఎవరిచ్చారో తెలియనప్పుడు ఎవరైనా "అమూల్యమైన కానుకలు" అని మాత్రమే రాయగలరు.

"మనలో మనకు థాంక్సులేమిటి?"

మేము ఈ జాబితా వేసుకుంటుండగా మా అత్తగారు, "అయినవాళ్ళకు థాంక్సులు చెప్పడమేమిటమ్మా, పరాయివాళ్ళలాగా? రేపు వాళ్ళింట్లో కార్యమైతే మనం వెళ్ళి పెట్టమా?" అన్నారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోను. చదివింపుల పుస్తకం ఉన్నదే అందుకు. ఎవరు ఎంత పెట్టారో చూసుకుని, వారింట కార్యానికి అంతకు కొంత కలిపి పెట్టడం మన పద్ధతి. స్టేజీ మీద అమ్మాయి పెద్దలందరి కాళ్ళకూ నమస్కరించింది, వెళ్ళేటప్పుడు ఆడవారికి తాంబూలం, జాకెట్టు గుడ్డ ఇచ్చాము. వీటన్నిటి తరువాత "ధన్యవాదములు" అన్న మాట నిజంగానే మైకు ముందు నిలబడి చెప్పినట్లు ఉంటుంది. మా ఇళ్ళలో నేను ఆ మాట ఎవరి నోటా ఎవరితోనూ విని ఎరుగను.

అయితే మనవాళ్ళు మెప్పును అసలు చెప్పరా? మా అమ్మ పంపిన ఆవకాయ అందగానే అత్తగారు ఫోన్ చేసి ఏమంటారు? "ముక్క ఇంకా కరకరలాడుతోంది వదినగారూ, పిల్ల రెండు పూటలా అదే కలుపుకుంటోంది" అంటారు. అందులో థాంక్స్ లేదు, ధన్యవాదం లేదు, అవతలివారికి అందవలసినదంతా ఉంది. పంపిన వస్తువు చేరింది, బాగుంది, ఫలానా మనిషి దాన్ని ఫలానా విధంగా వాడుతోంది. మన ఇళ్ళలో కృతజ్ఞత చెప్పే వరస ఇదే కాబట్టి, పిల్లలు రాయవలసినది కూడా ఇదే. ఆ మాటే అత్తగారితో అన్నాను. ఆవిడ కాసేపాగి, "అలా అయితే రాయనీ, ఆ పెద్దపెద్ద మాటలు మాత్రం రాయించకు" అన్నారు.

చదివింపుల లెక్క గురించి ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ పుస్తకం తీర్చేది పెద్దల మధ్య బాకీని. మా అమ్మాయి పుట్టింది, పెరిగింది బెంగళూరులో. ఆ 31 మందిలో పన్నెండు మంది ముఖాలు చూసి గుర్తుపట్టలేకపోయింది. "ఈవిడ మా అమ్మమ్మకు ఏమవుతుంది?" అని అడిగి తెలుసుకున్న తరువాతే రాయగలిగింది. ఆ లెక్కలు ఎంత పకడ్బందీగా తీరినా పిల్లకు ఆ మనుషులు తెలియరు.

మీరు, నువ్వు

మొదటి ఉత్తరం మా అన్నయ్యకు. లంగాఓణీ, పూలు, పండ్లు, పసుపు కుంకుమలు తెచ్చినవాడు మేనమామ కాబట్టి మొదట ఆయనకే రాయాలి. నేను పక్కన కూర్చుని చెప్పాను, మా అమ్మాయి రాసింది: "పూజ్యులైన మామయ్యగారికి నమస్కరించి వ్రాయునది. మీరు ప్రేమతో ఇచ్చిన లంగాఓణీ నాకు ఎంతగానో నచ్చినది." నేను బడిలో నేర్చుకున్న ఉత్తరం అది. ఫొటో తీసి పంపాము. అన్నయ్య వెంటనే ఫోన్ చేశాడు. "ఏమే, నన్ను గారూ మీరూ అంటోందేమిటి? నేను పరాయివాణ్ణయ్యానా?" అన్నాడు. పుట్టినప్పటి నుంచి "మామయ్యా, నువ్వు" అని పిలిచే పిల్ల చేత, గౌరవం అనుకుని నేను ఆ పిలుపును మార్పించాను.

మర్నాడు నేను చెప్పడం మానేసి మూడు ప్రశ్నలు మాత్రం అడిగాను. ఆయన ఏమి ఇచ్చాడు? అది ఇప్పుడు ఎక్కడుంది, దానితో ఏమి చేశావు? ఆ రోజు ఆయనను చూసినప్పుడు నీకు గుర్తున్నది ఏమిటి? అది చెప్పింది, తరువాత అదే రాసింది. అక్షర దోషాలు తప్ప నేను వేరేమీ దిద్దలేదు.

"మామయ్యా, నువ్వు తెచ్చిన లంగాఓణీ ఆదివారం మళ్ళీ కట్టుకున్నాను. ఆ రోజు అమ్మ పది పిన్నీసులు పెట్టింది. ఈసారి నాలుగే పెట్టింది. అయినా జారలేదు. ఆ రోజు స్టేజీ వెనక నువ్వు నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చావు కదా, అప్పుడు నాకు చాలా దాహంగా ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసింది?"

ఆ మజ్జిగ సంగతి నాకు ఆ నిమిషం వరకు తెలియదు. నేను రాయించి ఉంటే అది ఎప్పటికీ ఉత్తరంలోకి వచ్చేది కాదు. అన్నయ్య ఈసారి ఫోన్ నాకు కాక నేరుగా దానికే చేశాడు.

పెదనాన్నను అది మొదటి నుంచి "మీరు" అంటుంది, ఆయనకు అలాగే రాసింది. నోటితో ఎలా పిలుస్తుందో కాగితం మీద కూడా అలాగే పిలవడం మంచిదని నాకు అనిపించింది. ఇక్కడ ఒక్క మినహాయింపు ఇచ్చాను, దాని గురించి తరువాత చెబుతాను.

మొదటి రోజు ఉత్సాహంతో తొమ్మిది రాయించాను. అది తప్పు. ఆరవదాని నుంచి అన్నీ "మీరు ఇచ్చింది చాలా బాగుంది, నాకు చాలా నచ్చింది" అయ్యాయి. పైన పేరు కొట్టివేసి ఇంకొక పేరు రాస్తే అది వారికీ సరిపోతుందేమో చూశాను, సరిపోయింది. ఆ నాలుగూ పక్కన పెట్టేశాము. ఆ తరువాత రోజుకు నాలుగు, బడి నుంచి వచ్చి పాలు తాగిన తరువాత ఇరవై నిమిషాలు, అంతే. మరీ నెల రోజులు సాగదీస్తే మజ్జిగలాంటివి మరచిపోతారు, ఒక్కరోజులో ముగిస్తే పిల్లలు అలసిపోతారు.

నచ్చని వస్తువుల దగ్గర నాకు సందిగ్ధం కలిగింది. ఒక గౌను భుజాల దగ్గర బాగా వదులైంది. "చాలా బాగుంది, వేసుకుంటున్నాను అని రాయి" అని నోటిదాకా వచ్చింది. అలా రాస్తే వారు ఈసారి కలిసినప్పుడు వేసుకున్న ఫొటో చూపమంటారు, పిల్ల నా ముఖం చూస్తుంది. చివరకు అది నిజమే రాసింది: రంగు తనకు ఇష్టమైన ముదురాకుపచ్చ అని, ఇప్పుడు వదులుగా ఉంది కాబట్టి వచ్చే సంక్రాంతికి వేసుకుంటానని. ఇచ్చినవారు నొచ్చుకోలేదు, పొడుగు ఎంత పెరిగిందో అప్పుడు చెప్పమన్నారు.

డబ్బు ఇచ్చినవారికి

కవర్లో 516, 1116 పెట్టి ఇచ్చినవారి విషయం ఇంకా కష్టం. పిల్లలు సాధారణంగా "మీరు ఇచ్చిన డబ్బుతో సైకిలు కొనుక్కుంటాను" వంటిది రాయాలనుకుంటారు. మా ఇంట్లో ఆ డబ్బు సైకిలుకు కాక, మూడవ రోజున వంటవారికి ఇవ్వవలసిన మిగతా బాకీకి వెళ్ళింది. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే, ఇందులో దాచవలసినది లేదు, కాని కొనని సైకిలు గురించి పిల్ల చేత రాయించడం నాకు ఇష్టం లేదు. మొత్తం ఎంతో రాయడమూ సరికాదు, ఆ అంకె పెద్దల పుస్తకంలోనే ఉండాలి.

అందువల్ల డబ్బు ఇచ్చినవారిలో బాగా దగ్గరివారు ఏడుగురికి మాత్రం, డబ్బు మాట ఎత్తకుండా, వారు రావడం గురించి రాసింది. ఒక తాతయ్య మోకాళ్ళ నొప్పితో స్టేజీ మెట్లు ఎక్కలేక కిందనే నిలబడి అక్షింతలు విసిరారు, అవి తన జడలో చిక్కుకుని రాత్రి దాకా ఉన్నాయని ఆయనకు రాసింది. మిగిలినవారందరికీ నేనూ మావారూ ఫోన్లు చేశాము. పదకొండేళ్ళ పిల్ల 94 ఉత్తరాలు రాయలేదు, రాయవలసిన అవసరమూ లేదు.

పంపడం గురించి ఒక్క మాట. ఏ ఉత్తరాన్నీ కుటుంబ గ్రూపులో పెట్టలేదు. అక్కడ పెడితే ఎవరు ఏమిచ్చారో అందరూ చూస్తారు, వెండి ఇచ్చినవారి పక్కన టిఫిను డబ్బా ఇచ్చినవారు నిలబడవలసి వస్తుంది. ఎవరిది వారికి విడిగా పంపాము.

కన్నడ దీర్ఘం

మా అమ్మాయి బడిలో కన్నడం రాస్తుంది, తెలుగు నేర్పేవారు లేరు. ఇంట్లో నేను నేర్పిన తెలుగు అక్షరాలు దానికి చదవడానికి చాలు, రాయడానికి తడబడుతుంది. మొదట తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపితే పోతుంది కదా అనుకున్నాను. కాని రెండు లిపులూ ఎంత దగ్గరివంటే, కన్నడం వచ్చిన పిల్ల పది రోజుల్లో తెలుగు రాయగలదు. దాని చేతిలో రెండు గుర్తులు మాత్రం కలిసిపోయాయి. తలకట్టు మన టిక్కు గుర్తులా కాక, కన్నడంలో లాగా పైన అడ్డగీతలా సాగుతుంది. మనం "మీ" రాసేటప్పుడు పైన గుడి దగ్గరే దీర్ఘం తిప్పుతాము. కన్నడంలో ముందు "మి" రాసి, దాని కుడిపక్కన దీర్ఘాన్ని విడిగా పెడతారు. "కే", "కో"లకు కూడా అంతే. అందుకని దాని ఉత్తరాల నిండా అక్షరాల పక్కన విడిగా తోకలు కనిపించేవి.

కందుకూరు దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మమ్మ చెల్లెలికి బటన్ల ఫోన్ మాత్రమే ఉంది. ఆవిడ ఒక నూలు దుప్పటి పంపారు. ఆవిడకు 50 పైసల పోస్టుకార్డు రాసింది. నేను ముందు చెప్పిన మినహాయింపు ఇక్కడిదే. ఆ వయసువారు ఉత్తరం అంటే మొదట "నమస్కరించి వ్రాయునది" కోసం చూస్తారు, అది లేకపోతే వారికి ఉత్తరంలా ఉండదు. కాబట్టి ఆ ఒక్క వాక్యం నేను రాసి చూపితే అది చూసి రాసింది, తరువాతదంతా దాని మాటే. పోస్టుకార్డు దారిలో ఎవరైనా చదవవచ్చు కాబట్టి ఇంటి విషయాలేవీ రాయకుండా, దుప్పటి అంచు గురించీ, దాన్ని పిల్లి ఎలా ఆక్రమించిందో దాని గురించీ రాసింది.

వారం తరువాత అమ్మమ్మ చెల్లెలు ఫోన్ చేశారు. పక్కింటి కుర్రవాడు చదివి పెట్టాడట. "అక్షరం పక్కన అన్నిచోట్లా ఏదో తోక గీసింది, అదేమిటో వాడికి తెలియక ఆగి ఆగి చదివాడు" అన్నారు. ఫోన్ అమ్మాయికి ఇచ్చాను. కన్నడంలో దీర్ఘం ఎలా రాస్తారో అది ఆవిడకు పది నిమిషాలు వివరించింది. నిజానికి ఆ కార్డు రాసేటప్పుడు దిద్దాలని నా చేయి ముందుకు వెళ్ళింది. చదవడానికి అడ్డు వచ్చే తప్పు దిద్దవలసిందే అని ఇప్పుడు అనుకుంటాను, అయినా ఆ పది నిమిషాల మాట చూస్తే దిద్దనందుకు బాధగా లేదు.

ముప్పై మందికి రాయడం పూర్తయింది. ఒకటి మిగిలింది. మేము వేసుకున్న జాబితాలో 27వ నంబరు, మడిచే చెక్క వామనగుంటల పీట, ఒక్కోవైపు ఏడు గుంటలు, గుడ్డ సంచిలో గవ్వలు. నీలం కాగితం చుట్టిన ఆ పెట్టె పదకొండు గంటల ఇరవై నిమిషాలకు తీసిన ఫొటోలో కుర్చీ వెనక ఉంది, కాని ఎవరూ దాన్ని చేతికి ఇస్తున్న ఫొటో ఒక్కటీ లేదు. పుస్తకంలో ఒక వరుసలో మా మరిది "గిఫ్టు" అని రాసి పేరు రాయలేదు. ఇప్పటికి పదకొండు మందిని అడిగాము, అందరూ తమది కాదన్నారు. వచ్చిన వస్తువులన్నిటిలోకీ మా అమ్మాయి ఎక్కువగా ఆడుకుంటున్నది దానితోనే. దాని ఉత్తరం కూడా రాసి, పైన పేరు రాయవలసిన చోటు ఖాళీగా వదిలి, గవ్వల సంచిలో మడిచి పెట్టుకుంది. ఊరి నుంచి ఎవరు వచ్చినా పీట తీసుకువచ్చి ముందు పెట్టి, "ఇది మీరు ఇచ్చారా?" అని అడుగుతోంది.